32 కొసైన్లు, ఒక్క భాగహారం

తిరుపతికి సమీపంలోని గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఆవరణలో విశాలమైన మైదానం ఒకటుంది. పొడవు సుమారు 130 మీటర్లు, వెడల్పూ అంతే. దూరదర్శన్ రోజుల్లో ఇళ్ల కప్పుల మీద కనిపించిన టీవీ యాంటెన్నాల జాతికే చెందిన యాగీ యాంటెన్నాలను అక్కడ 1,024 చోట్ల, వరుసకు 32 చొప్పున 32 వరుసల్లో, ఆకాశం వైపు చూసేలా నిలబెట్టారు. ఇదే ఎంఎస్‌టీ రాడార్. దీనికి తిరిగే డిష్ లేదు, ఊగే భుజం లేదు. అయినా 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను సుమారు 3 డిగ్రీల సన్నని పుంజంగా మలిచి పైకి పంపుతుంది. వాతావరణంలోని అలజడులను తాకి వెనక్కి వచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని పట్టుకుని, ఎంత ఎత్తులో గాలి ఎటు వీస్తోందో లెక్కగడుతుంది.

విడిగా చూస్తే ఒక్కో యాగీ యాంటెన్నా తరంగాన్ని పదుల డిగ్రీల మేర చిమ్మేస్తుంది. దేనికీ సన్నని చూపు లేదు. మరి అన్నీ కలిస్తే 3 డిగ్రీల చూపు ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు ఇంటర్ రెండో ఏడాది గణితంలో పిల్లలు చదివే డిమోవియర్ సిద్ధాంతం పక్కనే ఉంది. కోణం రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా పెరుగుతూ పోయే కొసైన్లను కూడటం ఎలాగో తెలిస్తే చాలు.

మైదానంలోంచి ఒక్క వరుసను తీసుకుందాం. అందులో 32 యాంటెన్నాలు. 53 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 5.66 మీటర్లు. పక్కపక్క యాంటెన్నాల మధ్య ఎడం అందులో 0.7 వంతు, అంటే దాదాపు 4 మీటర్లు. నిట్టనిలువుగా పైకి వెళ్లే తరంగాలన్నీ సమాన దూరం ప్రయాణిస్తాయి కాబట్టి శిఖరాలన్నీ ఒకేసారి చేరతాయి. నిలువు నుంచి θ డిగ్రీలు పక్కకు వంగిన దిశలో అలా కాదు. ఆ దిశలో ఒక్కో యాంటెన్నా నుంచి వచ్చే తరంగం తన పక్కదాని కంటే కొంచెం వెనకబడుతుంది. ఒక పూర్తి తరంగాన్ని 360 డిగ్రీలుగా లెక్కిస్తే, ఆ వెనకబాటు ఇంత:

φ = 360° × 0.7 × sin θ = 252° × sin θ

మొదటి యాంటెన్నాకు వెనకబాటు సున్నా. రెండోదానికి φ, మూడోదానికి 2φ, చివరిదైన 32వ దానికి 31φ. ఒక క్షణాన దూరంగా నిలబడి కొలిస్తే అందే మొత్తం ఇది:

cos 0 + cos φ + cos 2φ + cos 3φ + … + cos 31φ

నిలువుగా 1 డిగ్రీ పక్కకు చూస్తే φ విలువ 4.4 డిగ్రీలు మాత్రమే. కానీ చివరి పదానికి వచ్చేసరికి కోణం 136 డిగ్రీలకు చేరుతుంది, అక్కడ కొసైన్ రుణాత్మకం. ముందు పదాలు కూడబెట్టిన దాంట్లో కొంత, చివరి పదాలు తినేస్తాయి. కాలిక్యులేటర్ పట్టుకుని 32 పదాలూ కూడవచ్చు. అలా చేస్తే ఒక కోణానికి ఒక అంకె వస్తుంది. మొత్తం ఎక్కడ సరిగ్గా సున్నా అవుతుంది, ఆ తర్వాత మళ్లీ ఎంత లేస్తుంది, యాంటెన్నాలు పెంచితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఆ అంకెలు వాటంతటవి జవాబివ్వవు. వాటికి సూత్రం కావాలి.

కొసైన్లను సూటిగా కూడబోతే అడ్డం వచ్చేది ఒక్కటే. cos φ నుంచి cos 2φ కి వెళ్లడానికి ఏ సంఖ్యతో గుణించాలో, cos 2φ నుంచి cos 3φ కి వెళ్లడానికి అదే సంఖ్య పనికిరాదు. 1, 2, 4, 8 లాంటి గుణశ్రేఢిలో ప్రతి అడుగూ ఒకే సామాన్య నిష్పత్తితో పడుతుంది కాబట్టి దాని మొత్తం తేలిగ్గా తేలుతుంది. కొసైన్ల వరుసకు ఆ సౌకర్యం లేదు.

ఆ సౌకర్యాన్ని సంకీర్ణ సంఖ్యలు తెచ్చిపెడతాయి. లెన్హార్డ్ ఆయిలర్ 1748లో వెలువడిన తన గ్రంథంలో వివరించిన సంబంధం ఇది:

e^(iφ) = cos φ + i sin φ

కుడివైపున ఉన్నది తలం మీద ఒక బిందువు. కేంద్రం నుంచి సరిగ్గా 1 దూరంలో, φ కోణం దగ్గర ఉంటుంది. దీన్ని q అందాం. ఇలాంటి రెండు సంఖ్యలను గుణిస్తే పొడవులు మారవు, కోణాలు మాత్రం కూడుకుంటాయి. కాబట్టి q × q కోణం 2φ, దాన్ని మళ్లీ q తో గుణిస్తే 3φ. అంటే q^k = cos kφ + i sin kφ. డిమోవియర్ సిద్ధాంతం చెప్పేది ఇదే. కొసైన్‌కు పక్కన i sin ను తోడు పంపేసరికి వరుస మొత్తం గుణశ్రేఢిగా మారిపోయింది. ఇప్పుడు ప్రతి అడుగూ q అనే ఒకే నిష్పత్తితో పడుతోంది. పైగా ఒక కూడికలో రెండు కూడికలు తేలతాయి: మొత్తంలోని వాస్తవ భాగం కొసైన్ల మొత్తం, కల్పిత భాగం సైన్ల మొత్తం.

ఇక మిగిలింది బడిలో నేర్చిన పనే. పదాల సంఖ్య N అనుకుని S = 1 + q + q² + … + q^(N−1) అని రాద్దాం. రెండు వైపులా q తో గుణించి, అందులోంచి S తీసేస్తే మధ్య పదాలన్నీ కొట్టుకుపోయి చివర రెండే మిగులుతాయి:

qS − S = q^N − 1

కాబట్టి S = (q^N − 1) / (q − 1)

ఇక్కడ చాలామంది విద్యార్థులు ఆగి, హారంలోని i ని వదిలించుకోవడానికి కాంజుగేట్‌తో గుణించి, నాలుగైదు వరుసల త్రికోణమితిలో చిక్కుకుంటారు. లవం వాస్తవ భాగాన్ని హారం వాస్తవ భాగంతో భాగించేసేవారూ ఉంటారు. అది పూర్తిగా తప్పు. భిన్నం వాస్తవ భాగం అలా రాదు. దీనికంటే చక్కని దారి, సగం కోణాన్ని బయటకు లాగడం. లవంలోంచి q^(N/2) ను బయటకు తీస్తే లోపల q^(N/2) − q^(−N/2) మిగులుతుంది. ఒకటి Nφ/2 కోణంలో పైన, మరొకటి అంతే కోణంలో కింద ఉన్న బిందువులు. తీసివేస్తే వాటి కొసైన్లు పోయి 2i sin(Nφ/2) మిగులుతుంది. హారంలోంచి q^(1/2) ను తీస్తే అలాగే 2i sin(φ/2) మిగులుతుంది. పైన, కింద ఉన్న 2i లు రెండూ కొట్టుకుపోతాయి:

S = e^(i(N−1)φ/2) × sin(Nφ/2) / sin(φ/2)

ఇప్పుడు రెండు భాగాలూ చూడగానే కనిపిస్తాయి. కొసైన్ల మొత్తం cos((N−1)φ/2) × sin(Nφ/2) / sin(φ/2). సైన్ల మొత్తానికి మొదటి cos బదులు sin రాస్తే సరి.

చిన్న లెక్కతో సరిచూద్దాం. నాలుగు పదాలు, φ 60 డిగ్రీలు. కొసైన్లు 1, 0.5, −0.5, −1. మొత్తం సున్నా. సూత్రంలో మొదటి భాగం cos 90°, అదీ సున్నాయే. సైన్లు 0, 0.866, 0.866, 0. మొత్తం 1.732. సూత్రం ప్రకారం sin 90° × sin 120° / sin 30°, అంటే 0.866 ను 0.5 తో భాగిస్తే 1.732. ఇలాంటి నాలుగు పదాల పరీక్ష ప్రతిసారీ చేసుకోవడం మంచిది. ఎందుకంటే ఈ సూత్రంలో ఎక్కువగా జరిగే పొరపాటు మొదటి పదం దగ్గరే. వరుస cos 0 తో కాక cos φ తో మొదలై cos Nφ వరకు పోతే, మొత్తాన్ని మరోసారి q తో గుణించినట్టు. అప్పుడు (N−1)φ/2 స్థానంలో (N+1)φ/2 రావాలి. ఉదాహరణకు 1 డిగ్రీ నుంచి 90 డిగ్రీల వరకు ఉన్న 90 సైన్లను కూడాలంటే sin 45° × sin 45.5° / sin 0.5° లెక్కగడితే చాలు. జవాబు 57.79.

సంకీర్ణ సంఖ్యల ఊసు లేకుండా కూడా ఇదే సూత్రం రాబట్టవచ్చు. ప్రతి పదాన్నీ 2 sin(φ/2) తో గుణిస్తే ఒక్కొక్కటీ రెండు సైన్ల తేడాగా విడిపోయి, పక్కపక్కవి కొట్టుకుపోతాయి. పాఠ్యపుస్తకాల్లో ఈ పద్ధతి కనిపిస్తుంది, అందులో లోపమేమీ లేదు. కాకపోతే దేనితో గుణించాలో ముందే తెలిసి ఉండాలి. గుణశ్రేఢి దారిలో ఆ sin(φ/2) ఎవరూ చెప్పకుండానే హారంలో వచ్చి నిలబడుతుంది. అసలు లాభం మాత్రం సూత్రాన్ని మళ్లీ గాదంకి మైదానానికి తీసుకెళ్లినప్పుడు తెలుస్తుంది. సూత్రంలోని రెండు ముక్కలూ అక్కడ రెండు వేర్వేరు సంగతులు చెబుతాయి.

మొదటి ముక్క e^(i(N−1)φ/2) పొడవు ఎప్పుడూ 1. అది తరంగం బలాన్ని మార్చదు, ఎంత వెనకబడి వచ్చిందో మాత్రం చెబుతుంది. 32 యాంటెన్నాలకు ఆ వెనకబాటు 15.5φ. వరుసను 0 నుంచి 31 వరకు లెక్కిస్తే 15.5 అంటే సరిగ్గా నడిమధ్య. అంటే దూరంగా ఉన్నవారికి తరంగం అంతా వరుస మధ్యలోంచి వచ్చినట్టే ఉంటుంది. బలం ఎంతన్నది రెండో ముక్క sin(16φ) / sin(φ/2) చేతిలో ఉంది. పుంజం ఆకారం మొత్తం ఆ చిన్న భిన్నంలోనే ఉంది.

నిట్టనిలువు దిశలో φ సున్నా. అప్పుడు భిన్నం 0/0 అవుతుంది. సూత్రాన్ని గుడ్డిగా ప్రోగ్రామ్‌లో పెడితే కంప్యూటర్ మొరాయించేది ఇక్కడే. q విలువ 1 అయినప్పుడు మనం q − 1 తో భాగించకూడదు కదా. అసలు వరుసకే తిరిగి వెళ్తే 32 సార్లు 1, మొత్తం 32. ఇదే గరిష్ఠం. 1 డిగ్రీ పక్కకు వెళ్తే భిన్నం 24.5 కు తగ్గుతుంది. తరంగం మోసే శక్తి దీని వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, శక్తి గరిష్ఠంలో 59 శాతానికి పడిపోయినట్టు.

ఇంకాస్త పక్కకు జరిగి φ 11.25 డిగ్రీలు అయ్యేసరికి 16φ సరిగ్గా 180 డిగ్రీలు అవుతుంది. లవం సున్నా. ఆ దిశలో వరుస నుంచి ఏమీ వెళ్లదు. 11.25 అంటే 360 లో 32వ వంతు. 32 యాంటెన్నాల తరంగాలను 32 బాణాలుగా గీసి, ఒకదాని కొసకు మరొకటి తగిలిస్తే, ప్రతి బాణమూ ముందుదానికంటే 11.25 డిగ్రీలు తిరుగుతూ పోయి, చివరిది మొదటిదాని మొదలుకే చేరుతుంది. వలయం మూసుకుపోయింది, నికరంగా మిగిలింది సున్నా. నిలువు నుంచి ఈ దిశ 2.56 డిగ్రీల దూరంలో ఉంది. శక్తి సగానికి తగ్గే చోట్ల మధ్య కొలిస్తే పుంజం వెడల్పు సుమారు 2.3 డిగ్రీలు వస్తుంది. పదుల డిగ్రీల మేర చిమ్మే యాంటెన్నాలను కేవలం వరుసలో పేర్చడం వల్ల వచ్చిన సన్నదనమిది.

అయితే సున్నా దాటాక బలం మళ్లీ లేస్తుంది. φ సుమారు 16 డిగ్రీలు, అంటే నిలువు నుంచి 3.7 డిగ్రీల దగ్గర, భిన్నం పరిమాణం 7 కు చేరుతుంది. 32 లో 7 అంటే శక్తిలో 4.7 శాతం. ఇంజనీర్లు దీన్ని సైడ్ లోబ్ అంటారు. యాంటెన్నాల సంఖ్య పెంచితే ఇది నిలువుకు దగ్గరగా జరుగుతుందే తప్ప తగ్గదు. వందైనా వెయ్యైనా శాతం దాదాపు అదే. పైనుంచి వచ్చే వాతావరణ ప్రతిధ్వని ఎంత బలహీనమంటే, పక్కలకు కారే ఆ కాస్త శక్తే కొండలనో, వెళ్లే విమానాన్నో తాకి తిరిగొచ్చి, అసలు సంకేతంలో కలిసిపోయే ప్రమాదం ఉంది.

అందుకే గాదంకిలో అన్ని యాంటెన్నాలకూ సమానంగా శక్తి పంచలేదు. ఈ రాడార్‌ను కట్టినప్పుడు 32 ట్రాన్స్‌మిటర్లను పెట్టి, మధ్య వరుసలకు ఎక్కువ, అంచులకు తక్కువ అందేలా మలిచారు. అక్కడ వాడిన పంపిణీ టేలర్ పేరుతో ఉన్న పద్ధతికి సవరించిన రూపం. దాని వివరాల జోలికి పోకుండా, అదే ఉద్దేశంతో ఉన్న తేలికైన పంపిణీని తీసుకుంటే గుణశ్రేఢి మరోసారి అక్కరకొస్తుంది. మధ్యలో 1.4, అంచుల్లో 0.6 ఉండేలా, నడుమ ఒక కొసైన్ వంపులో దిగుతూ వచ్చే బరువులను యాంటెన్నాలకు ఇద్దాం. బరువులే కొసైన్ అయినప్పుడు, ఆ కొసైన్ కూడా e ఘాతాల జంటే. దాన్ని q^k తో గుణిస్తే మళ్లీ e ఘాతాలే వస్తాయి. కాబట్టి మొత్తం కూడిక మూడు గుణశ్రేఢులుగా విడిపోతుంది. ఒకటి పాత భిన్నమే. మిగతా రెండూ అదే భిన్నం, 11.25 డిగ్రీలు అటూ ఇటూ జరిగి, ఐదో వంతు బలంతో.

11.25 డిగ్రీలు జరిగితే 16φ కు 180 డిగ్రీలు కలుస్తాయి, లవం గుర్తు తిరగబడుతుంది. ఇందులోనే ఉంది కిటుకు. పాత భిన్నం −7 దగ్గర ఉన్న చోట, జరిగిన రెండూ కలిసి +5.4 ఇస్తాయి. మిగిలేది −1.5 మాత్రమే. దూరంగా ఉన్న మిగతా లోబ్‌లనూ ఇలాగే లెక్కగడితే వేటి శక్తీ అర శాతం దాటదు. 4.7 శాతం నుంచి అర శాతం లోపుకి దిగింది! దీనికి మూల్యం కూడా సూత్రమే చూపిస్తుంది. ఇంతకుముందు సరిగ్గా సున్నా అయిన 11.25 డిగ్రీల దగ్గర, పక్కకు జరిగిన భిన్నానికి అది గరిష్ఠ స్థానం. దానివల్ల అక్కడ 6.4 మిగిలిపోతుంది. సున్నా ఇంకా దూరం జరుగుతుంది, పుంజం 2.3 నుంచి సుమారు 2.6 డిగ్రీలకు వెడల్పవుతుంది. గాదంకి పుంజం 3 డిగ్రీలకు దగ్గరగా ఉండటంలోనూ ఈ రాజీ ఉంది.

ఒక్క వరుసకు చేసిన లెక్క మైదానమంతటికీ ఎలా సరిపోతుందన్న సందేహం రావచ్చు. అడ్డంగా ఒక నిష్పత్తి, నిలువుగా మరో నిష్పత్తి ఉన్న 1,024 పదాల కూడిక, ఒక్కోటి 32 పదాలున్న రెండు కూడికల లబ్ధంగా విడిపోతుంది. అందుకే రెండు దిశలనూ విడివిడిగా చూడవచ్చు.

ఇక కదలని యాంటెన్నాలు పుంజాన్ని ఎలా వంచుతాయి? ప్రతి యాంటెన్నాకూ పంపే తరంగాన్ని పక్కదానికంటే ఒక స్థిరమైన కోణం ముందుకో వెనక్కో జరిపితే చాలు. θ₀ దిశలోకి వంచాలంటే φ విలువ 252° × (sin θ − sin θ₀) అవుతుంది. మిగతా సూత్రంలో ఒక్క అక్షరం మారదు. గరిష్ఠం ఇప్పుడు θ₀ దగ్గర వస్తుంది. ఈ రాడార్ పుంజాన్ని నిలువు నుంచి 20 డిగ్రీల వరకు ఇలాగే వంచుతారు.

ఇంకా వంచితే ఏమవుతుందో హారం చెబుతుంది. sin(φ/2) సున్నా అయ్యేది φ సున్నా దగ్గర మాత్రమే కాదు. 360 డిగ్రీల దగ్గరా అంతే. అప్పుడు q మళ్లీ 1 అవుతుంది, 32 తరంగాలూ ఒక్కో పూర్తి చుట్టు తేడాతో మళ్లీ ఒకే అడుగులో నడుస్తాయి, మొత్తం మళ్లీ 32 అవుతుంది. అంటే అక్కర్లేని దిక్కులో అసలు పుంజానికి సమానమైన రెండో పుంజం. దీన్ని గ్రేటింగ్ లోబ్ అంటారు. 20 డిగ్రీల వంపుకు ఇది రావాలంటే sin θ విలువ −1.09 కావాలి. అలాంటి కోణం లేదు కాబట్టి భయం లేదు. 25.4 డిగ్రీలు దాటితే మాత్రం రెండో పుంజం దిగంతం మీద తలెత్తుతుంది. 30 డిగ్రీలకు వంచితే అది అవతలి పక్క, నిలువుకు 68 డిగ్రీల దూరంలో నిలుస్తుంది. యాంటెన్నాల మధ్య ఎడాన్ని పూర్తి తరంగమంత పెట్టి ఉంటే, నిట్టనిలువుగా చూస్తున్నప్పుడే రెండు దిగంతాల మీదా ఇవి పొడిచేవి. ఎడం తగ్గిస్తే ఇవి ఇంకా దూరం పోతాయి కానీ, అంతే సన్నని పుంజానికి అంతే మైదానం కావాలి కాబట్టి యాంటెన్నాల సంఖ్య పెరుగుతుంది. యాగీ యాంటెన్నా నేల వైపు దిశలకు తక్కువగా ప్రసరిస్తుంది గనుక గ్రేటింగ్ లోబ్ కొంత బలహీనపడుతుంది. ఆ తగ్గుదల మన కూడికలో లేదు. దాన్ని విడిగా కొలిచి, sin(16φ) / sin(φ/2) ను దానితో గుణించుకోవాలి.